ఫోనే స్వైపింగ్ మిషన్: విశాఖ దుకాణదారులకు ట్యాప్ ఆన్ ఫోన్ పూర్తి మార్గదర్శి

బీచ్ రోడ్డులో ఏటికొప్పాక బొమ్మలు, అరకు కాఫీ పొడి అమ్మే చిన్న కొట్టు ఒకటి ఉందనుకోండి. రోజువారీ బేరాలన్నీ క్యూఆర్ మీదే నడిచిపోతాయి. అయితే ఆదివారం సాయంత్రం వచ్చే టూరిస్టు కుటుంబం నాలుగు బొమ్మల సెట్లు తీసుకుని క్రెడిట్ కార్డు చాపుతుంది. స్వైపింగ్ మిషన్ తీసుకుంటే నెలనెలా అద్దె కట్టాలి. నెలకు పది కార్డు బిల్లులు కూడా రాని కొట్టుకి అది దండగే. ట్యాప్ ఆన్ ఫోన్ ఉన్నది ఇలాంటి కొట్టు కోసమే. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే ఆ ఫోనే మిషన్ పని చేస్తుంది. కస్టమర్ కార్డును ఫోన్ వెనకాల ఆనిస్తే చాలు, డబ్బు కట్ అవుతుంది. బ్యాంకుల వాళ్లు దీన్నే సాఫ్ట్ పీఓఎస్ అంటారు. యూపీఐని నడిపే మన ఎన్‌పీసీఐ 2021లో ఎస్‌బీఐ పేమెంట్స్‌తో కలిసి రూపే సాఫ్ట్ పీఓఎస్ తెచ్చింది. ఇప్పుడు పెద్ద బ్యాంకులూ పేమెంట్ కంపెనీలూ చాలావరకు ఇలాంటివి ఇస్తున్నాయి.

ఒక పరిమితి ముందే తెలుసుకోండి. దీంట్లో కార్డు గీయడానికీ, చిప్ దూర్చడానికీ చోటు లేదు. ఆనిస్తే పని చేసే కార్డులే పనికొస్తాయి. కార్డు మీద పక్కకి తిరిగిన వైఫై గుర్తులాంటి నాలుగు వంపు గీతలు ఉంటే అది అలాంటి కార్డు. అవి లేని పాత కార్డు తెచ్చినవాళ్లకి క్యూఆరే చూపించాలి. కాబట్టి యాప్ వచ్చింది కదా అని క్యూఆర్ స్టిక్కర్ పీకేయకండి.

మొదటి మెట్టు: మీ ఫోన్ పనికొస్తుందా?

అన్నిటికంటే ముందు ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ, అంటే ఆనించిన కార్డుని చదివే సౌకర్యం, ఉండాలి. ఫోన్ `Settings` తెరిచి పైన వెతికే పెట్టెలో `NFC` అని కొట్టండి. ఏమీ రాకపోతే మీ ఫోన్‌లో అది లేనట్టే. ఏ యాప్ వేసినా అది పుట్టుకురాదు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఇది ఉండదు. ఒకే మోడల్ వేరే దేశంలో ఎన్ఎఫ్‌సీతోనూ మన దగ్గర అది లేకుండానూ అమ్ముడవడం కూడా మామూలే. అందుకే ఇంటర్నెట్‌లో మోడల్ వివరాలు చదివి కొనేయకండి. కొత్త ఫోన్ కొనేటప్పుడు షాపులోనే ఈ వెతుకులాట చేసి చూసుకోండి.

ఉంటే ఆన్ చేసి, స్క్రీన్ అన్‌లాక్ చేసి, మీ సొంత కార్డుతో ఒక చిన్న పరీక్ష చేయండి. కార్డును ఫోన్ వీపుకి ఆనించి, కెమెరా దగ్గర మొదలుపెట్టి మెల్లగా కిందికి జరపండి. ఒకచోట ఫోన్ చిన్న చప్పుడు చేస్తుంది లేదా వణుకుతుంది. యాంటెనా ఉన్నది అక్కడే. చాలా ఫోన్లలో అది కెమెరాకి పక్కనో, కాస్త కిందో ఉంటుంది. దీని అందుబాటు మహా అయితే 4 సెంటీమీటర్లు. కార్డు ఆ చోటు తప్పిందంటే ఎంతసేపు పెట్టినా ఫలితం ఉండదు. కవరు మీద సరిగ్గా అక్కడే ఒక చిన్న గుండ్రటి స్టిక్కర్ అంటించండి. కస్టమర్లకి "ఆ స్టిక్కర్ మీద పెట్టండి" అంటే సరిపోతుంది. "ఇంకొంచెం పైకి, కాదు కిందికి" అనే తతంగం తప్పుతుంది.

కవరు సంగతి కూడా చూసుకోండి. లోహం కవరు, వేలికి తగిలించుకునే రింగు, కారు స్టాండు కోసం అంటించిన అయస్కాంతం రేకు, ఇవన్నీ సిగ్నల్‌ని అడ్డుకుంటాయి. మామూలు సిలికాన్ కవరుతో ఇబ్బంది ఉండదు.

ఇక యాప్ వైపు నుంచి వచ్చే షరతులు. రూట్ చేసిన, అంటే కంపెనీ పెట్టిన భద్రతా తాళాలు తీసేసిన ఫోన్‌ని ఈ యాప్‌లు ఒప్పుకోవు. `Developer options`లో `USB debugging` ఆన్ చేసి ఉన్నా చాలావరకు నడవవు. స్క్రీన్ రికార్డు చేసే యాప్‌లు, ఇతర యాప్‌ల మీద తేలే బొమ్మలు వేసే యాప్‌లు, మీ స్క్రీన్‌ని దూరం నుంచి వేరేవాళ్లు చూసే యాప్‌లు ఉంటే కూడా ఆగిపోతాయి. పిన్ కొట్టే స్క్రీన్‌ని ఎవరూ తొంగి చూడకూడదనే ఈ చాదస్తం అంతా. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్లతోనూ ఇదే గొడవ. ఇవాళ నడిచిన యాప్ రేపు అప్‌డేట్ తర్వాత "ఈ ఫోన్ సురక్షితం కాదు" అనొచ్చు. పిల్లలు గేమ్స్ ఆడుకునే ఫోన్ కాకుండా, కొట్టుకంటూ ఒక ఫోన్ విడిగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

రెండో మెట్టు: ఏ యాప్? ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే

ఏజెంట్ వచ్చి రేటు, క్యాష్‌బ్యాక్, సౌండ్‌బాక్స్ అని ఏవేవో చెబుతాడు. అవన్నీ తర్వాత. మీరు మొదట అడగాల్సింది ఇది: "ఐదు వేలు దాటిన బిల్లుకి కస్టమర్ ఈ ఫోన్‌లోనే పిన్ కొట్టగలడా?"

ఎందుకంటే రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఆనించి కట్టే కార్డు చెల్లింపుకి 5,000 రూపాయల వరకే పిన్ అక్కర్లేదు. 2021 జనవరి 1కి ముందు ఆ హద్దు 2,000 ఉండేది. 5,000 దాటితే పిన్ తప్పనిసరి. కొన్ని యాప్‌లు ఫోన్ అద్దం మీదే పిన్ తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. తీసుకోని యాప్ అయితే మీ కొట్టులో 5,000 దాటిన ప్రతి కార్డు బేరమూ ఆగిపోతుంది. టీ కొట్టుకీ పుస్తకాల షాపుకీ దానితో నష్టం లేదు. కురుపాం మార్కెట్లో వెండి సామాన్లు అమ్మేవాళ్లకో, ద్వారకానగర్‌లో సెల్‌ఫోన్ షాపుకో అది ఎందుకూ కొరగాదు.

రెండో ప్రశ్న విదేశీ కార్డులది. నౌకాదళం ఊరు కాబట్టి అప్పుడప్పుడు విదేశీ ఓడల సిబ్బంది బజారులోకి వస్తుంటారు, రుషికొండ వైపు విదేశీ టూరిస్టులూ కనిపిస్తారు. విదేశీ కార్డులు తీసుకునే సౌకర్యం అన్ని ఖాతాలకూ దానంతటదే రాదు. విడిగా అడిగి ఆన్ చేయించుకోవాలి, దాని రేటు కూడా ఎక్కువ. మీకు అలాంటి కస్టమర్లు రాకపోతే అడగక్కర్లేదు.

మూడో మెట్టు: నమోదు

యాప్‌ని ప్లే స్టోర్ నుంచే దింపుకోండి. దింపేముందు యాప్ పేరు కింద కంపెనీ పేరు చూడండి. వాట్సాప్‌లో ఎవరైనా ఏపీకే ఫైలు పంపి "ఇది వేసుకోండి సార్, త్వరగా అయిపోద్ది" అంటే వేసుకోకండి. మీ ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచికి వెళ్లి మర్చంట్ యాప్ అడగడం మరో దారి. కొంచెం ఆలస్యమైనా, తర్వాత గొడవ వస్తే వెళ్లి అడగడానికి ఒక మనిషంటూ ఉంటాడు.

పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు, కొట్టు ఉన్నట్టు రుజువు అడుగుతారు. రుజువుగా జీవీఎంసీ ట్రేడ్ లైసెన్సు గానీ, ఉద్యమ్ సర్టిఫికెట్ గానీ, జీఎస్టీ రిజిస్ట్రేషన్ గానీ చూపిస్తారు. ఇక్కడ ఎక్కువమందికి చిక్కొచ్చేది పేరు దగ్గరే. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బ్యాంకు ఖాతాలో ఒక్క అక్షరమే ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ముందే సరిచూసుకోండి. కొట్టు బోర్డు కనిపించేలా ఫోటో అడుగుతారు, లొకేషన్ అనుమతి కూడా అడుగుతారు. కార్డు తీసుకునే ప్రతి చోటూ ఎక్కడుందో నమోదవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అందుకే దరఖాస్తు ఇంటి దగ్గర కూర్చుని కాకుండా కొట్టులో ఉండి పూర్తి చేయండి.

వ్యాపారం ఏ రకమో ఎంచుకునేటప్పుడు ఉన్నదే చెప్పండి. రేటు తగ్గుతుందని వేరే రకం రాస్తే తర్వాత సెటిల్‌మెంట్, అంటే కార్డు డబ్బు మీ ఖాతాలో వేయడం, ఆపేస్తారు.

నాలుగో మెట్టు: కస్టమర్ ముందు

పద్ధతి చిన్నదే. యాప్ తెరిచి మొత్తం కొట్టండి. ఆ అంకె కస్టమర్‌కి చూపించండి. పైకి చదివి చెబితే మరీ మంచిది: "పద్దెనిమిది వందల యాభై అండి." అప్పుడు ఫోన్ వీపు కస్టమర్ వైపు తిప్పి స్టిక్కర్ మీద కార్డు ఆనించమనండి. రెండు మూడు సెకన్లు, చప్పుడు వచ్చేదాకా కదపకూడదు. సాధారణంగా విఫలమయ్యేది ఇక్కడే. మెట్రోలో కార్డు తాకించినట్టు చటుక్కున తాకించి తీసేస్తారు.

ఇంకో మాట, పర్సుతో సహా ఆనించనివ్వకండి. అందులో రెండు మూడు కార్డులుంటే ఫోన్‌కి ఏది చదవాలో తెలియదు. ఒక్కోసారి కస్టమర్ అనుకోని కార్డు నుంచి డబ్బు పోతుంది. కార్డు బయటికి తీయమనండి. కార్డు మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి, మీరు తీసుకోకండి.

గీతల గుర్తు ఉండీ కార్డు పని చేయకపోతే, చాలాసార్లు కారణం కార్డులో ఆ సౌకర్యం ఆఫ్‌లో ఉండటమే. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో ట్యాప్ సౌకర్యాన్ని కస్టమర్ తానే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్తే కాంటాక్ట్‌లెస్ అనే మీట ఉంటుంది. ఒక నిమిషం పని. ఈ ఒక్క సంగతి తెలిసిన కొట్టువాడు ఎన్నో బేరాలు పోకుండా చూసుకోగలడు.

బిల్లు 5,000 దాటినప్పుడు మాత్రం సీను మారుతుంది. కార్డు ఆనించాక మీ ఫోన్ మీద పిన్ పలక వస్తుంది. అప్పుడు ఫోన్ కస్టమర్ చేతికివ్వాలి. "ఏటి బాబూ, నీ ఫోన్లో నా పిన్ను కొట్టాలా?" అని అడుగుతారు. అడగడం న్యాయమే. కోప్పడకుండా ఉన్నది చెప్పండి. కొట్టిన పిన్ అప్పటికప్పుడే రహస్య సంకేతంగా మారి బ్యాంకుకి పోతుంది, ఫోన్‌లో మిగలదు, మీకు కనిపించదు. ఫోన్ అద్దం మీద పిన్ తీసుకునే యాప్‌లకి కార్డు కంపెనీల భద్రతా మండలి పీసీఐ విడిగా ప్రమాణాలు పెట్టింది. ఇంత చెప్పి మొహం అటు తిప్పుకోండి. సీసీ కెమెరా మీ కౌంటర్ మీదికే చూస్తుంటే కస్టమర్‌ని కాస్త పక్కకి జరగమనండి. అయినా ఇష్టపడకపోతే బలవంతం వద్దు, యూపీఐ అడగండి.

ఇక్కడ ఒక దొడ్డిదారి చాలామందికి తోస్తుంది. 6,400 బిల్లుని 3,200 చొప్పున రెండు ట్యాపులు చేస్తే పిన్ అక్కర్లేదు కదా అని. చేయకండి. ఒకే బిల్లుని ముక్కలు చేయడం మర్చంట్ ఒప్పందాలకి విరుద్ధం. ఆ కార్డు దొంగిలించిందని తర్వాత తేలితే, పిన్ లేని రెండు చెల్లింపులు ఒకే నిమిషంలో ఎందుకు జరిగాయో జవాబు చెప్పాల్సింది మీరే.

ఐదో మెట్టు: డబ్బు కట్ అయింది, యాప్ మాత్రం తేల్చలేదు

కొట్టులో టెన్షన్ అంతా వచ్చేది ఇక్కడే. శనివారం, ఆదివారం సాయంత్రాలు ఆర్కే బీచ్ దగ్గర జనం పెరిగేకొద్దీ మొబైల్ డేటా నత్తనడక నడుస్తుంది. ప్రతి ట్యాప్‌కీ బ్యాంకు అనుమతి ఇంటర్నెట్ ద్వారానే రావాలి. మధ్యలో తెగితే ఇలా అవుతుంది: కస్టమర్ ఫోన్‌కి 1,850 డెబిట్ అయిందని మెసేజ్ వచ్చేసింది, మీ యాప్ మాత్రం `Pending` చూపిస్తూ తిరుగుతోంది. వెనకాల మరో ఇద్దరు నిలబడి ఉన్నారు.

అప్పుడు మళ్లీ ట్యాప్ చేయించకండి. మొదటిది కూడా ఖరారైతే రెండుసార్లు పోతాయి. కస్టమర్ మెసేజ్ చూసి సరుకు కూడా ఇచ్చేయకండి. ఆ మెసేజ్ వాళ్ల బ్యాంకు మాట, మీకు డబ్బు వచ్చినట్టు సాక్ష్యం కాదు. ఒకటి రెండు నిమిషాలు ఆగి, వైఫైకో రెండో సిమ్‌కో మారి, యాప్‌లో లావాదేవీల జాబితా తెరవండి. అక్కడ మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు, సమయం సరిపోయే వరుస వెతికి దాని స్థితి చూడండి. విజయవంతం అని ఉంటే సరుకు ఇచ్చి పంపండి. విఫలం అని ఉంటే ఇంకోసారి తీసుకోవచ్చు.

విఫలమైనా కస్టమర్ డబ్బు పోయి ఉంటే, అది తిరిగి రావాల్సింది వాళ్ల బ్యాంకు నుంచి. రిజర్వు బ్యాంకు 2019 నియమం ప్రకారం ఖాతాలో డబ్బు కట్ అయి దుకాణంలో ధృవీకరణ రాకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి వెయ్యాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. చాలామంది కస్టమర్లకి ఇది తెలియదు. ఒక చీటీ మీద తేదీ, సమయం, మొత్తం, యాప్‌లో కనిపించే ఆర్ఆర్ఎన్ అనే 12 అంకెల నంబరు రాసి, కొట్టు ముద్ర వేసి ఇవ్వండి. ఫిర్యాదుకి వాళ్లకి కావాల్సింది అదే. అరుపులూ తగ్గుతాయి.

ఎండాకాలం మధ్యాహ్నం ఇంకో తంటా ఉంది. కౌంటర్ మీద ఎండ పడుతూ, ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ వేడెక్కి నెమ్మదిస్తుంది. ట్యాప్ మధ్యలో ఆగడానికి అదీ ఒక కారణమే. నీడలో పెట్టండి. కాల్స్ వస్తే లావాదేవీ తెగకుండా కొట్టు ఫోన్ నంబర్ ఎవరికీ ఇవ్వకపోవడం ఉత్తమం.

ఆరో మెట్టు: సాయంత్రం లెక్క

కార్డు డబ్బు క్యూఆర్ డబ్బులా వెంటనే పడదు. సాధారణంగా మర్నాడు, అన్ని బిల్లులూ కలిపి ఒకే మొత్తంగా, ఛార్జీలు తీసేసి పడుతుంది. అందుకే పాస్‌బుక్‌లో అంకె మీ బిల్లులతో ఎప్పుడూ సరిపోదు. ఒక రోజు లెక్క వేసి చూద్దాం. మన బొమ్మల కొట్టు గత ఆర్థిక సంవత్సరం అమ్మకం 20 లక్షల లోపే అనుకుందాం.

ఆ రోజు మూడు కార్డు బిల్లులు వచ్చాయి. మొదటిది వీసా డెబిట్ కార్డు మీద 1,850. చిన్న వ్యాపారికి డెబిట్ కార్డు ఎండీఆర్, అంటే బ్యాంకు తీసుకునే కమీషన్, 0.40 శాతం మించకూడదని నియమం ఉంది. అంత తీసుకుంటే 7.40 రూపాయలు. బిల్లు 2,000 లోపే కాబట్టి ఆ కమీషన్ మీద జీఎస్టీ లేదు. రెండోది క్రెడిట్ కార్డు మీద 6,400. క్రెడిట్ కార్డుకి నియమం పెట్టిన హద్దేమీ లేదు, ఒప్పందంలో 2 శాతం రాశారనుకోండి. కమీషన్ 128, దాని మీద 18 శాతం జీఎస్టీ 23.04, వెరసి 151.04. మూడోది రూపే డెబిట్ కార్డు మీద 920. దానికి 2020 జనవరి నుంచి ఎండీఆర్ సున్నా.

మొత్తం బిల్లులు 9,170. కోత 158.44. ఖాతాలో పడాల్సింది 9,011.56. యాప్‌లో సెటిల్‌మెంట్ రిపోర్టు తెరిచి ఈ అంకెతో పోల్చండి. రూపే డెబిట్ మీద కోత కనిపించినా, మీ అమ్మకం 20 లక్షల లోపే ఉండీ డెబిట్ మీద 0.90 శాతం కోసినా వెంటనే అడగండి. 0.90 అనేది పెద్ద వ్యాపారుల హద్దు. నమోదప్పుడు అమ్మకం గడి ఖాళీగా వదిలేసినవాళ్లని పెద్దవాళ్లలో కలిపేసే అవకాశం ఉంది.

పై లెక్కలో కోత దాదాపు అంతా క్రెడిట్ కార్డుదే అని గమనించారు కదా. ఆ భారం కస్టమర్ మీద వేద్దామనిపిస్తుంది. డెబిట్ కార్డుకి అలా అదనంగా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. క్రెడిట్ కార్డుకైనా మీరు సంతకం పెట్టిన ఒప్పందం ఒప్పుకోదు. నా సలహా, ఆ రెండు శాతాన్ని మీ ధరలోనే చూసుకోండి.

సరుకు వెనక్కి వస్తే యాప్ నుంచే, అదే కార్డుకి డబ్బు తిప్పి పంపండి. చేతికి నగదు ఇవ్వకండి. నగదు తీసుకుని వెళ్లి, బ్యాంకులో కూడా ఫిర్యాదు పెడితే రెండుసార్లు పోతాయి. నగదు ఇచ్చినట్టు మీ దగ్గర రుజువు ఉండదు. అదే రోజు సెటిల్‌మెంట్‌కి ముందైతే బిల్లు రద్దు చేసే మీట ఉంటుంది, అది త్వరగా తేలిపోతుంది. తర్వాతైతే రీఫండ్, కొన్ని రోజులు పడుతుంది. కౌంటర్లో కుర్రాడిని పెడితే వాడికి విడిగా లాగిన్ ఇచ్చి, రీఫండ్ అధికారం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

ఫోన్ పోతే

ఫోన్‌లో కస్టమర్ల కార్డు నంబర్లూ పిన్‌లూ నిల్వ ఉండవు కాబట్టి వాళ్లకి భయం లేదు. భయమల్లా మీ లాగిన్‌తోనే, అందులో రీఫండ్ మీట ఉంది కదా. యాప్ కంపెనీ హెల్ప్‌లైన్ నంబరు, మీ మర్చంట్ ఐడీ ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టె మూతకి లోపల అంటించండి. ఫోన్ పోయిన వెంటనే ఆ నంబరుకి చేసి లాగిన్ ఆపించండి, ఆ తర్వాత సిమ్ బ్లాక్ చేయించండి. అప్పటికే తెలియని రీఫండ్లు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కొత్త ఫోన్‌లో యాప్ వేసుకున్నాక మళ్లీ సిమ్ ధృవీకరణ అడుగుతుంది, కాబట్టి డూప్లికేట్ సిమ్ వచ్చేదాకా కార్డులు ఆగిపోతాయి. ఆ ఒకటి రెండు రోజులూ క్యూఆర్‌తోనే నెట్టుకురావాలి.